వచ్చినవాళ్లలో మళ్లీ వచ్చేదెందరు?

బ్రిటన్‌లో ఒక ఆన్‌లైన్ దుకాణం ఉంది. వీధిలో కొట్టు లేదు, అమ్మకమంతా ఇంటర్నెట్‌లోనే. అమ్మేవి పండగలకూ శుభకార్యాలకూ పనికొచ్చే కానుక వస్తువులు. కొనేవాళ్లలో చాలామంది టోకు వ్యాపారులు. ఈ దుకాణంలో 2010 డిసెంబరు 1 నుంచి 2011 డిసెంబరు 9 వరకు జరిగిన అమ్మకాల చిట్టా మొత్తం ఎవరైనా చూసుకునేలా అందుబాటులో ఉంది. లండన్ సౌత్ బ్యాంక్ యూనివర్సిటీకి చెందిన డాకింగ్ చెన్ దాన్ని కాలిఫోర్నియా యూనివర్సిటీ (అర్వైన్) డేటా భాండాగారానికి ఇచ్చారు. దుకాణం పేరు, కొన్నవాళ్ల పేర్లు అందులో ఉండవు. ఒక్కో కొనుగోలుదారుకు ఒక నంబరు మాత్రం ఉంటుంది.

ఈ చిట్టాలో నెలనెలా ఎంతమంది కొన్నారో లెక్కవేస్తే 2011 జనవరిలో 783 మంది, నవంబరులో 1,711 మంది కనిపిస్తారు. పది నెలల్లో రెట్టింపు కంటే ఎక్కువ. యజమాని ఈ రెండు అంకెలే చూస్తే మిఠాయి పంచుతాడు. అయితే ఈ 1,711 మంది ఎవరు? పాతవాళ్లు విడవకుండా కొంటున్నారా, లేక పాతవాళ్లు జారిపోతుంటే కొత్తవాళ్లు ఆ ఖాళీని నింపుతున్నారా? రెండు సందర్భాల్లోనూ మొత్తం అంకె ఒకటే కావచ్చు. వ్యాపారం మాత్రం ఒకటి కాదు. ఆ తేడా బయటపెట్టడానికే కోహార్ట్ రిటెన్షన్ టేబుల్ వేస్తారు. ఫోన్ యాప్‌లు, ఓటీటీలు, కిరాణా డెలివరీ కంపెనీలు అన్నిటిలోనూ ఇది మామూలు పని.

పద్ధతి ఇదీ. ఒకే నెలలో చేరినవాళ్లందరినీ ఒక బ్యాచ్ అనుకుంటాం. ఒక్కో బ్యాచ్‌కు పట్టికలో ఒక అడ్డ వరస. చేరిన నెల 0వ నెల, ఆ తర్వాతి నెల 1వది, ఆపైది 2వది. ఒక్కో గడిలో, ఆ బ్యాచ్ నుంచి ఆ నెలలో మళ్లీ వచ్చినవాళ్ల సంఖ్య రాస్తాం. మార్చిలో చేరినవాళ్లకు ఏప్రిల్ 1వ నెల అయితే, జులైలో చేరినవాళ్లకు ఆగస్టు 1వ నెల. అంటే అందరినీ వాళ్లు చేరిన రోజు నుంచి ఒకే కొలతతో చూస్తున్నామన్నమాట.

పట్టిక వేసే తీరు

ముందుగా రెండు నిర్ణయాలు తీసుకోవాలి. "చేరడం" అంటే ఏమిటి, "మళ్లీ రావడం" అంటే ఏమిటి? యాప్ అయితే ఖాతా తెరిచిన తేదీ ఉంటుంది కాబట్టి చేరిన తేదీ అదే. మన చిట్టాలో ఖాతా తేదీలు లేవు, బిల్లులే ఉన్నాయి. కాబట్టి మొదటి బిల్లు పడిన నెలనే చేరిన నెలగా తీసుకోవాలి. ఏదైనా బిల్లు పడితే మళ్లీ వచ్చినట్టే. ఈ ఎంపిక వల్ల ఇక్కడ 0వ నెలలో ప్రతి బ్యాచ్ నూటికి నూరు శాతం ఉంటుంది. కొనకపోతే అసలు చిట్టాలోకే రారు కదా. ఖాతా తేదీతో వేసే పట్టికలో అలా ఉండదు. ఖాతా తెరిచి ఒక్క వస్తువూ కొననివాళ్లూ భాగహారంలో కింద ఉంటారు. అందుకే రెండు కంపెనీల శాతాలను పోల్చేముందు ఎవరు దేన్ని చేరడంగా లెక్కపెట్టారో కనుక్కోవాలి.

చిట్టాలో 5,41,909 వరసలున్నాయి. బిల్లులోని ఒక్కో వస్తువుకు ఒక్కో వరస. వాటిలో 1,35,080 వరసల్లో కొనుగోలుదారు నంబరు లేదు. దాదాపు పావు వంతు. ఎవరు కొన్నారో తెలియనప్పుడు వాళ్లు మళ్లీ వచ్చారో లేదో చెప్పలేం కాబట్టి ఆ వరసలు తీసేయక తప్పదు. 4,06,829 మిగులుతాయి. మన పట్టిక నంబరున్న కొనుగోలుదారుల గురించి మాత్రమే చెబుతుందని ఇక్కడే రాసి పెట్టుకోవాలి.

ఇక లెక్క. గూగుల్ షీట్స్‌లో A వరసలో కొనుగోలుదారు నంబరు, B వరసలో బిల్లు తేదీ ఉన్నాయనుకుందాం. మొదట ప్రతి తేదీని ఆ నెల ఒకటో తేదీగా మార్చి C వరసలో పెట్టాలి.

```
=EOMONTH(B2,-1)+1
```

ఆ తర్వాత A, C రెండూ ఒకేలా ఉన్న వరసల్లో ఒక్కటి ఉంచి మిగతావి తీసేయాలి. ఒక మనిషి ఒకే నెలలో ఇరవై వస్తువులు కొన్నా, అయిదుసార్లు బిల్లు వేయించుకున్నా, ఆ నెలకు అతను ఒక్క మనిషే. ఈ అడుగు వేశాక నాలుగు లక్షలకు పైగా ఉన్న వరసలు 13,675కు దిగుతాయి. ఇప్పుడు ఒక్కో వరసకు "ఈ మనిషి ఈ నెలలో వచ్చాడు" అన్న ఒక్క అర్థమే మిగిలింది. దీన్ని మరిచిపోయి బిల్లులనే లెక్కపెడితే మనుషుల సంఖ్య ఉబ్బిపోతుంది. ఏదైనా గడిలోని అంకె ఆ బ్యాచ్ మొత్తం కంటే ఎక్కువగా కనిపించిందంటే ఈ పొరపాటే జరిగిందని గుర్తు.

తర్వాత D వరసలో ఆ మనిషి మొట్టమొదటి నెల, E వరసలో అప్పటి నుంచి ఎన్ని నెలలైందో వస్తాయి.

```
=MINIFS(C:C,A:A,A2)
=(YEAR(C2)-YEAR(D2))*12+MONTH(C2)-MONTH(D2)
```

ఒకరు జనవరి 12న, జనవరి 28న, ఏప్రిల్ 3న కొన్నారనుకోండి. జనవరి రెండు కొనుగోళ్లు ఒక్కటిగా కలిసి 0వ నెలలో పడతాయి. ఏప్రిల్ కొనుగోలు 3వ నెలలో పడుతుంది. 1, 2 నెలల గడుల్లో ఆయన ఉండరు. చివరగా పివట్ టేబుల్ తెరిచి అడ్డ వరసలకు D, నిలువు వరసలకు E, విలువకు A ఇచ్చి, లెక్కింపు పద్ధతిగా `COUNTUNIQUE` ఎంచుకుంటే పట్టిక తయారు.

నమ్మేముందు రెండు సరిచూపులు ఉన్నాయి. 0వ నెల నిలువు వరస మొత్తం కూడితే కొనుగోలుదారుల మొత్తం సంఖ్య రావాలి. ఇక్కడ 4,372 వస్తుంది, అది సరిపోతుంది. రెండోది, ఏదో ఒక క్యాలెండర్ నెల తీసుకుని, వేర్వేరు బ్యాచ్‌ల నుంచి ఆ నెలకు చెందిన గడులన్నీ కూడాలి. జనవరి 2011కు రెండే గడులు. డిసెంబరు బ్యాచ్ నుంచి మళ్లీ వచ్చినవాళ్లు 362, జనవరిలో కొత్తగా చేరినవాళ్లు 421. కలిపితే 783. మొదట్లో చెప్పుకున్న అంకె ఇదే.

మూడు దారుల్లో చదవాలి

మొత్తం పదమూడు బ్యాచ్‌లున్న పట్టికలో చివరి ఆరు బ్యాచ్‌లు ఇలా ఉన్నాయి. అన్నీ 2011 సంవత్సరానివే.

| చేరిన నెల | 0 | 1 | 2 | 3 | 4 | 5 |
|---|---|---|---|---|---|---|
| జులై | 191 | 40 | 39 | 44 | 52 | 22 |
| ఆగస్టు | 167 | 42 | 42 | 42 | 23 | |
| సెప్టెంబరు | 298 | 89 | 97 | 36 | | |
| అక్టోబరు | 352 | 93 | 46 | | | |
| నవంబరు | 321 | 43 | | | | |
| డిసెంబరు | 41 | | | | | |

మెట్లు దిగినట్టున్న ఈ ఆకారం అన్ని కోహార్ట్ పట్టికల్లోనూ ఉంటుంది. కుడివైపు కింద ఖాళీగా ఉన్న గడులు ఇంకా రాని నెలలవి. వాటిని ఖాళీగానే వదలాలి. సున్నా పెడితే ఎవరూ రాలేదని అర్థం మారిపోతుంది, సగటులన్నీ కుంగిపోతాయి.

మొదటి దారి అడ్డంగా చదవడం. ఒకే బ్యాచ్ వయసు పెరిగేకొద్దీ ఏమవుతుందో ఇది చెబుతుంది. జులైలో చేరిన 191 మందిలో మరుసటి నెల 40 మంది వచ్చారు, అంటే 20.9 శాతం. ఆపైన 39, 44, 52. చాలామంది ఇక్కడ తికమకపడతారు, వెళ్లిపోయినవాళ్లు తిరిగి ఎలా పెరుగుతారని. ఒక గడిలోని మనుషులు దాని పక్క గడిలోంచి మిగిలినవాళ్లు కారు. ఆగస్టులో వచ్చిన 40 మంది వేరు, సెప్టెంబరులో వచ్చిన 39 మంది వేరు కావచ్చు. రెండు నెలలకోసారి సరుకు కొనే చిన్న వ్యాపారి ఒక నెల కనిపించి మరో నెల కనిపించడు. అతను దుకాణం వదిలేసినట్టు కాదు. నెలనెలా చందా కట్టించుకునే సేవలో రద్దు చేసుకున్నవాడు పోయినట్టే కాబట్టి అక్కడ అడ్డ వరస ఎక్కువగా దిగుతూనే ఉంటుంది. దుకాణంలో అలా ఉండదు. ఆ నెలలో ఎంతమంది కొన్నారన్నదే ఈ గడి చెప్పేది, ఎంతమంది మిగిలారన్నది కాదు.

రెండో దారి నిలువుగా చదవడం. ఒకే వయసులో వేర్వేరు బ్యాచ్‌లు ఎలా ఉన్నాయో పోల్చవచ్చు. 1వ నెల నిలువు వరసలో జులై బ్యాచ్ 20.9 శాతం, ఆగస్టుది 25.1, సెప్టెంబరుది 29.9, అక్టోబరుది 26.4. కొత్తగా చేరేవాళ్లను దుకాణం క్రమంగా బాగా నిలుపుకుంటున్నట్టు కనిపిస్తుంది. ఆగస్టులో వెబ్‌సైట్ ఏదో మార్చారనుకుంటే, ఆ మార్పు చేసినవాళ్లు ఈ నాలుగు అంకెలు చూపించి ప్రమోషన్ అడుగుతారు. మూడో దారిలో చదవకుండా వాళ్లకు జవాబివ్వకూడదు.

మూడో దారి ఐమూలగా చదవడం. ఎడమవైపు కింది నుంచి కుడివైపు పైకి ఏటవాలుగా పోతే ఆ గడులన్నీ ఒకే క్యాలెండర్ నెలవి. నవంబరులో కొత్తగా చేరినవాళ్లు 321. దాని పైన వాలుగా అక్టోబరు బ్యాచ్ 93, సెప్టెంబరు 97, ఆగస్టు 42, జులై 52. అందరికీ అది నవంబరే. దీన్ని ముందరి ఐమూలతో, అంటే అక్టోబరుతో, పోల్చండి. సెప్టెంబరు బ్యాచ్ 89 నుంచి 97కు, జులై బ్యాచ్ 44 నుంచి 52కు పెరిగాయి. ఆగస్టు బ్యాచ్ 42 దగ్గరే ఉంది. పైన చూపని పాత బ్యాచ్‌లూ అంతే. జూన్ బ్యాచ్ 58 నుంచి 79కి, మార్చి బ్యాచ్ 105 నుంచి 127కు, మొట్టమొదటి డిసెంబరు బ్యాచ్ 354 నుంచి 474కు ఎగబాకాయి. పది నెలల కిందట చేరినవాళ్లూ, రెండు నెలల కిందట చేరినవాళ్లూ ఒకేసారి ఎక్కువగా కొన్నారంటే కారణం వాళ్ల వయసులో లేదు, ఆ నెలలో ఉంది. అమ్మేది కానుక వస్తువులు, వచ్చేది క్రిస్మస్.

ఇప్పుడు నిలువు వరసకు తిరిగి వెళితే చిక్కు అర్థమవుతుంది. సెప్టెంబరు బ్యాచ్‌కు 1వ నెల అక్టోబరు, అక్టోబరు బ్యాచ్‌కు 1వ నెల నవంబరు. వాళ్లు నిజంగా మెరుగైన కొనుగోలుదారులా, లేక సీజన్‌లో చేరారు కాబట్టి అలా కనిపిస్తున్నారా? ఒక్క ఏడాది చిట్టాతో తేల్చలేం. చేరిన నెల, గడిచిన నెలలు, క్యాలెండర్ నెల, ఈ మూడింటిలో ఏ రెండు తెలిసినా మూడోది దానంతటదే తేలిపోతుంది. అందుకే వాటి ప్రభావాలను ఒకదాని నుంచి ఒకటి పూర్తిగా విడదీయలేం. చేయగలిగింది, కిందటేడు ఇదే సెప్టెంబరు బ్యాచ్ ఎలా ఉందో చూడటం. మన దగ్గర ఏ యాప్‌కైనా ఇదే నియమం. దసరా, దీపావళి నెలల్లో చేరిన బ్యాచ్‌ను జూన్ బ్యాచ్‌తో కాకుండా, కిందటేటి దసరా బ్యాచ్‌తో పోల్చాలి.

మోసం చేసే రెండు అంచులు

పట్టికలో అతి పెద్ద పొరపాట్లు నడిమధ్యలో ఉండవు, అంచుల్లో ఉంటాయి.

ఒకటి చివరి ఐమూల. పట్టికలో ప్రతి అడ్డ వరస చివరి అంకె చూడండి. జులైకి 52 తర్వాత 22, ఆగస్టుకు 42 తర్వాత 23, సెప్టెంబరుకు 97 తర్వాత 36. ప్రతి బ్యాచ్ ఒక్కసారిగా దాదాపు సగానికో అంతకంటే కిందికో పడిపోయింది. నవంబరులో చేరిన 321 మందిలో మరుసటి నెల వచ్చింది 43 మందే, 13.4 శాతం. దుకాణానికి ఏమైందోనని కంగారు పడనక్కరలేదు. చిట్టా డిసెంబరు 9న ఆగిపోయింది. నెలలో మూడో వంతు కూడా గడవని గడిని నిండు నెలల పక్కన పెట్టాం, అంతే. కంపెనీల్లో నెల మధ్యలో తీసే ప్రతి రిపోర్టులోనూ ఈ కొండచరియ కనిపిస్తుంది. అన్ని బ్యాచ్‌లూ ఒకే ఐమూలలో కలిసి పడ్డాయంటే, మనుషులను అనుమానించేముందు క్యాలెండర్ చూడాలి. ముగియని నెల గడులను పట్టికలోంచి తీసేయడమే సరైన పద్ధతి.

రెండోది మొదటి అడ్డ వరస. 2010 డిసెంబరు బ్యాచ్‌లో 948 మంది ఉన్నారు. వాళ్లలో మరుసటి నెల 38.2 శాతం వచ్చారు, 11వ నెలలో సరిగ్గా సగం మంది, 474 మంది, కొన్నారు. తర్వాతి ఏ బ్యాచ్ దీని దరిదాపుల్లో లేదు. జనవరి బ్యాచ్ 1వ నెలలో 24 శాతం, మార్చి బ్యాచ్ 19.1 శాతం. డిసెంబరులో చేరినవాళ్లు అంత విశ్వాసపాత్రులా? కాదు. వాళ్లలో చాలామంది డిసెంబరులో చేరనే లేదు. చిట్టా డిసెంబరు 1న మొదలైంది కాబట్టి, అంతకుముందు నుంచీ కొంటున్న పాతవాళ్లు కూడా ఆ నెలలో మొదటిసారి కనిపించి కొత్తవాళ్ల లెక్కలో పడ్డారు.

దీనికి ఆధారం చిట్టాలోనే ఉంది. రద్దయిన బిల్లుల నంబర్ల ముందు C అక్షరం ఉంటుంది. ఆ బిల్లులు తీసేసి పట్టిక మళ్లీ వేస్తే డిసెంబరు బ్యాచ్ 948 నుంచి 885కు తగ్గుతుంది. అంటే 63 మంది ఆ నెలలో ఏమీ కొనలేదు, వాళ్ల పేరు మీద రద్దు బిల్లు మాత్రమే పడింది. కొనకుండా వెనక్కి ఇవ్వలేరు కదా, వాళ్లు అంతకుముందే కొనివుండాలి. ఈ సమస్య మొదటి నెలతో ఒక్కసారిగా పోదు కూడా. మూడు నాలుగు నెలలకోసారి కొనే పాతవాళ్లు జనవరి, ఫిబ్రవరి, మార్చి బ్యాచ్‌లలోనూ కొత్తవాళ్లుగా దూరుతారు. ఇదే దుకాణం చిట్టా 2009 డిసెంబరు 1 నుంచి మొదలయ్యే మరో పెద్ద ఫైలు కూడా అదే భాండాగారంలో ఉంది. ఓపిక ఉన్నవాళ్లు దాన్ని తెరిచి ఈ 948 మందిలో పాతవాళ్లెవరో ఒక్కొక్కరినీ ఏరవచ్చు.

సగటు తీసేటప్పుడు ఈ అంచులు చేసే నష్టం స్పష్టంగా తెలుస్తుంది. నవంబరు వరకు పూర్తయిన నెలలే తీసుకుని, డిసెంబరు బ్యాచ్‌ను కూడా కలుపుకుంటే, మొత్తం 4,010 మందిలో 1,088 మంది మరుసటి నెల వచ్చారు. 27.1 శాతం. ఆ ఒక్క బ్యాచ్‌ను పక్కన పెడితే 3,062 మందిలో 726 మంది. 23.7 శాతం. ఒకే ఒక్క అడ్డ వరస సగటును మూడు శాతానికి పైగా పైకి లాగింది. ఇక్కడ శాతాలను కూడి బ్యాచ్‌ల సంఖ్యతో భాగించకుండా, మనుషులను కూడి మనుషులతోనే భాగించామని గమనించండి. 167 మంది ఉన్న బ్యాచ్‌కూ 440 మంది ఉన్న బ్యాచ్‌కూ సమానమైన ఓటు ఇవ్వకూడదు.

నెల అనే కొలతకు కూడా ఒక హద్దు ఉంది. జనవరి 31న చేరి ఫిబ్రవరి 1న కొన్నవాడూ, జనవరి 1న చేరి ఫిబ్రవరి 27న కొన్నవాడూ ఇద్దరూ 1వ నెలలోనే పడతారు. ఒకరికి ఒక్క రోజు, మరొకరికి దాదాపు రెండు నెలలు. ఇది ఇబ్బంది అనుకుంటే క్యాలెండర్ నెల వదిలి, ప్రతి మనిషికీ చేరిన రోజు నుంచి 30 రోజుల చొప్పున కొలవవచ్చు. అప్పుడు అందరికీ సమానమైన గడువు దొరుకుతుంది, కానీ ఐమూలలు చెదిరిపోయి సీజన్ కనిపించకుండా పోతుంది. మన దేశపు యాప్‌లలో మరో చిన్న మెలిక ఉంటుంది. సర్వర్లు తరచూ తేదీలను యూటీసీ సమయంలో దాస్తాయి. మన సమయం దానికంటే అయిదున్నర గంటలు ముందు. ఒకటో తేదీ తెల్లవారుజామున చేరినవాళ్లు పట్టికలో కిందటి నెల బ్యాచ్‌లో పడతారు. తేదీని నెలగా మార్చకముందే సమయాన్ని సరిదిద్దాలి.

ఇంతకీ దుకాణం సంగతేమిటి?

నవంబరులో కొన్న 1,711 మందిని ఇప్పుడు విడదీయవచ్చు. వాళ్లలో 474 మంది మొదటి డిసెంబరు బ్యాచ్‌వాళ్లు, అంటే ఎక్కువగా పాత ఖాతాదారులు. 321 మంది ఆ నెలలోనే కొత్తగా వచ్చారు. మిగిలిన 916 మంది జనవరి నుంచి అక్టోబరు దాకా చేరిన 3,062 మందిలోంచి వచ్చారు. అంటే పది నెలలు కష్టపడి చేర్చుకున్నవాళ్లలో, ఏడాదిలోకెల్లా గిరాకీ ఉన్న నెలలో కూడా, కొన్నది నూటికి ముప్పైమంది.

కాబట్టి జనవరి 783 నుంచి నవంబరు 1,711కు పెరగడంలో మూడు భాగాలున్నాయి. క్రిస్మస్ ముందరి గిరాకీ ఒకటి, నెలనెలా వచ్చి చేరిన కొత్తవాళ్లు రెండోది, గట్టిగా పట్టుకుని ఉన్న పాత ఖాతాదారులు మూడోది. కొత్తవాళ్లను నిలుపుకోవడంలో దుకాణం మెరుగుపడిందనడానికి ఈ పట్టికలో ఆధారం లేదు. మెరుగుపడలేదనడానికీ లేదు. సెప్టెంబరు, అక్టోబరు బ్యాచ్‌లు బాగున్నాయి కానీ సీజన్ వాటికి అడ్డం నిలబడింది. యజమాని మరో ఏడాది ఆగి అవే నెలలను పక్కపక్కన పెడితేనే జవాబు దొరుకుతుంది.

మీ దగ్గర పది మంది ట్యూషన్ పిల్లల రిజిస్టరు ఉన్నా, పదివేలమంది వాడే యాప్ ఉన్నా పని ఇదే క్రమంలో సాగాలి. ముందు ముగియని నెలను కొట్టేయండి, మొదటి బ్యాచ్‌ను అనుమానించండి, ఆ తర్వాత అడ్డంగా, నిలువుగా, ఐమూలగా చదవండి. అలా వడగట్టాక ఈ దుకాణం గురించి ధైర్యంగా చెప్పగలిగే మాట ఒక్కటే: కొత్తగా కొన్న ప్రతి నలుగురిలో మరుసటి నెల మళ్లీ కొన్నది దాదాపు ఒక్కరు.